సరిహద్దు ఊళ్లో సరుకుకు పేరు: హుందా, నమ్మకం, కుర్రతనం పలికే మాటల వేట

ఒడిశాలోని బరంపురంలో ఒక కుటుంబం అప్పడాలు ఒత్తి అమ్ముతోందనుకుందాం. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లకు విడిగా తూచి ఇచ్చారు. ఇప్పుడు ప్యాకెట్లు కట్టి ఇటు ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దాకా, అటు రాయగడ, కొరాపుట్ జిల్లా జైపూరు దాకా పంపాలని ఆలోచన. ప్యాకెట్టు అనగానే దాని మీద పేరు కావాలి, పేరు కింద ఒక వాక్యం కావాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క అప్పడం ప్యాకెట్టు చుట్టూనే తిరుగుతుంది. పట్టుచీరకైనా కాఫీ గింజకైనా పద్ధతి ఇదే, మాటలు మాత్రం వేరు.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో పేరు పెట్టేవాళ్లకు హైదరాబాదులో లేని చిక్కు ఒకటుంది. తయారుచేసేవారు తెలుగు మాట్లాడతారు, దుకాణదారు ఒడియా మాట్లాడతాడు, ప్యాకెట్టు మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పైగా ఇక్కడ ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదివిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు ధారాళంగా వచ్చినా, లిపి చదవడం కష్టం. అందుకని ఇక్కడ పేరును ముందు చెవి ఒప్పుకోవాలి, కన్ను తరువాత.

మొదటి అడుగు: ఒక్క భావాన్ని ఎంచుకోండి

హుందా, నమ్మకం, కుర్రతనం మూడూ కావాలని ప్రతి యజమానీ అంటాడు. మూడూ ఒకే పేరులో కలిపితే ‘స్వర్ణ శుద్ధ యువ ఫుడ్స్’ లాంటిది తయారవుతుంది. అది ఎవరికీ గుర్తుండదు.

ఏది ఎంచుకోవాలో తేల్చడానికి, కొనేవాళ్లకు ఈ సరుకు విషయంలో ఉన్న భయం ఏమిటో ఒక వాక్యంలో రాయండి. అప్పడం కొనేవాళ్ల భయం ఇది: ‘నూనెలో వేస్తే ఎర్రబడుతుందేమో, దుమ్ములో ఎండబెట్టారేమో, సోడా ఎక్కువ వేశారేమో.’ ఇది నమ్మకానికి సంబంధించిన భయం. పెళ్లికి పట్టుచీర కొనేవాళ్ల భయం వేరు: ‘నలుగురిలో ఇది చవకగా కనిపిస్తుందేమో.’ దానికి హుందా కావాలి. కళాశాల పక్కన చిరుతిండి కొనే కుర్రాడి భయం ‘ఇది మా నాయనమ్మ తినేదిలా ఉందేమో’ అన్నది. అక్కడ కుర్రతనం కావాలి. మన ప్యాకెట్టుకు నమ్మకమే ప్రధానం. మిగిలిన రెండింటినీ పారేయనక్కరలేదు, పేరు కింది వాక్యానికి దాచిపెట్టుకుందాం.

రెండో అడుగు: పేర్లు కాదు, మాటలు పోగుచేయండి

చాలామంది ఇక్కడే తొందరపడి నేరుగా పేర్లు రాయడం మొదలుపెడతారు. అలా వచ్చే మొదటి పది పేర్లూ అంతకుముందు పదిమంది పెట్టుకున్నవే అయివుంటాయి. ముందు విడి మాటలు రాయండి, ఓ వంద దాకా. ఆ మాటలు విశేషణాలు కాకూడదు. ‘మంచి, రుచి, శుభ్రం’ అని రాస్తూ కూర్చుంటే పది దాటవు. ఆ పనిలో చేతికి తగిలే వస్తువులు, జరిగే చోట్లు, చేసే చర్యలు, వినిపించే చప్పుళ్లు రాయండి. అప్పడానికి ఇవి వస్తాయి: పీట, కర్ర, ఉండ, తడిగుడ్డ, చాప, అరుగు, ఎండ, వాకిలి, ఒత్తు, ఆరబెట్టు, విరుచు, విస్తరి, పొంగు, పెళుసు, కరకర, పటుక్కు.

తరువాత ఒక్కో మాటకూ దాని చుట్టాలను పిలవండి. తెలుగులో ఒకే అర్థానికి రెండు మూడు అంతస్తుల మాటలుంటాయి. ఏ అంతస్తులోది ఎంచుకున్నారన్నదే భావాన్ని సగం నిర్ణయిస్తుంది. బంగారాన్నే చూడండి. ‘స్వర్ణ’ అంటే నగల దుకాణం గుర్తొస్తుంది, పాతికేళ్లుగా వాడి వాడి కాస్త అరిగింది కూడా. ‘కాంచన’, ‘హేమ’ అంటే పట్టు, గుడి, కచేరీ. ‘కనకం’ అంటే ఎవరింట్లోనో పెద్దావిడ పేరు, అందులో హుందా తగ్గి నమ్మకం పెరిగింది. ‘బంగారం’ అంటే ముద్దు చేయడం. ‘పసిడి’లో కాస్త కవిత్వం, కాస్త లేతదనం ఉన్నాయి. ‘గోల్డ్’ అంటే టీ పొడి ప్యాకెట్టు మీద రెండో రకం ధర. లోహం ఒకటే, ఏడు మాటలు ఆరు అంగళ్లలోకి తీసుకెళతాయి.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు, ముఖ్యంగా దీర్ఘాలు, సంయుక్తాక్షరాలు ఉన్నవి హుందాగా వినిపిస్తాయి, దూరంగానూ వినిపిస్తాయి. ఇంటివాడుకలోని అచ్చ తెలుగు మాటలు దగ్గరగా ఉంటాయి, నమ్మకం వాటిలో సులువుగా పుడుతుంది. మన ఇంటి భాషకు అచ్చులో చోటు కావాలని గిడుగు రామమూర్తి వాదించింది ఈ పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే. కాబట్టి ‘గ్రాంథికంగా లేకపోతే గౌరవం ఉండదు’ అనే శంక ఈ ప్రాంతం వాళ్లకు అసలు రాకూడదు. కుర్రతనం ఎక్కువగా చప్పుళ్లలోనూ అరువు మాటల్లోనూ దొరుకుతుంది.

ఈ పద్ధతిలో మన అప్పడానికి మూడు వరసలు రాసుకుందాం. నమ్మకం వరసలో అరుగు, వాకిలి, గడప, అండ, తోడు, కుదురు, పెద్దమ్మ. హుందా వరసలో పసిడి, కాంచన, దివాణం, నగరు. కుర్రతనం వరసలో పటుక్, చిటుకు, కరకర, చిందు, హుషారు. ‘దివాణం’ మీద నాకు మోజు ఉంది. కానీ పర్లాకిమిడి, జైపూరు సంస్థానాల నేలలో ఆ మాట వింటే భవనం గుర్తొచ్చేవాళ్లతో పాటు శిస్తు గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు. తినే వస్తువుకు వద్దు.

మూడో అడుగు: నోట్లో వేసుకుని చూడండి

అర్థం పక్కన పెట్టి, ధ్వనికే ఒక రంగు ఉంటుంది. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోహ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు గీతల బొమ్మలు చూపించాడు. ఒకటి గుండ్రంగా వంపులు తిరిగింది, ఇంకొకటి కోణాలు దేలింది. ‘టకేటే’, ‘బలూమా’ అనే రెండు అర్థంలేని మాటల్లో ఏది దేనికి తగినదని అడిగితే ఎక్కువమంది కోణాల బొమ్మకు ‘టకేటే’ అన్నారు. ట, క, ప, చ లాంటివి గట్టిగా, చురుగ్గా తగులుతాయి. మ, ల, న, బ లాంటివి మెత్తగా ఒదుగుతాయి.

దీన్ని మన మూడు భావాలకు ఇలా వాడుకోవచ్చు. కుర్రతనానికి పరుషాలు, హ్రస్వాలు, ఇకారం, రెండక్షరాలు, హల్లుతో ఆగిపోయే ముగింపు: చిటుకు, పటుక్. హుందాకు దీర్ఘాలు, సున్నలు, మెల్లగా ముగిసే మూడు నాలుగక్షరాలు: కాంచన, దివాణం. నమ్మకానికి సరళాలు, తెలిసిన అచ్చులు, ఉకారంతో సర్దుకుని కూర్చునే ముగింపు: అరుగు, కుదురు, తోడు. ఇవి మొగ్గు చెప్పే గుర్తులే కాని సూత్రాలు కావు. అర్థం బలంగా ఎదురు తిరిగితే ధ్వని ఓడిపోతుంది. ‘మరణం’ ఎంత మెత్తగా పలికినా ఎవరూ ప్యాకెట్టు మీద వేయరు.

గట్టిగా పదిసార్లు పలకండి, ఆ తరువాత వెనక ‘అప్పడాలు’ చేర్చి పలకండి. ‘పటుక్ అప్పడాలు’లో క్ తరువాత అ వచ్చి ‘పటుకప్పడాలు’ అయిపోతుంది, పేరు ఎక్కడ ఆగిందో తెలియదు. ‘అరుగు అప్పడాలు’ కూడా తొందరగా అంటే ‘అరుగప్పడాలు’ అవుతుంది. అయితే అక్కడ తెలుగు చెవి ఉకారసంధిని అలవాటుగా విడదీసుకుంటుంది, పేరు చెక్కుచెదరదు.

నాలుగో అడుగు: ఒడియా జల్లెడ

సరిహద్దు పేర్లలో ఎక్కువ భాగం రాలిపోయేది ఇక్కడే. అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి.

ముందు ఉచ్చారణ. ఒడియాలో వకారం సాధారణంగా బకారంగా పలుకుతుంది, పదం మొదట్లో ఉన్న యకారం జకారం అవుతుంది. శ, ష, స మూడూ మాటల్లో దాదాపు ఒకటే. అకారం మన అకారంలా కాక ఒకారం వైపు వంగుతుంది, పదం చివరి అకారం కూడా అలాగే వినిపిస్తుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా వాళ్ల లిపిలో లేదు. ఈ ముక్కలు తెలిస్తే మూడు భావాల పేర్లకూ ఏం జరుగుతుందో ముందే చూడవచ్చు. నమ్మకం కోసం ‘విశ్వాస్’ అని పెడితే దుకాణంలో ‘బిస్వాసొ’ అంటారు. కుర్రతనం కోసం ‘యువ’ అని పెడితే ‘జుబొ’ అంటారు, తెలుగు చెవికి ఆ కుర్రతనమంతా ఎగిరిపోతుంది. ‘వజ్ర’ ‘బజ్రొ’ అవుతుంది. వాళ్లు తప్పుగా పలకడం లేదు, వాళ్ల భాషలో ఆ మాటలు అలాగే ఉంటాయి. మనకు కావలసింది రెండు నోళ్లలోనూ దాదాపు ఒకలా ఉండే పేరు. కాబట్టి వ, య మొదటి అక్షరంగా ఉన్న పేర్లను ముందే పక్కన పెట్టండి. మనకు కలిసొచ్చేది ళకారం, అది ఒడియాలోనూ బతికే ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లగానే మాత్రం పోతుంది.

ఇక అర్థాలు. తెలుగులో ‘పాప’ ఎంత ముద్దుగా ఉన్నా ఒడియాలో ఆ మాటకు పాపం అనే అర్థం. పిల్లల తిండికి ‘పాప’ బొమ్మ వేసి అమ్ముదామనుకునేవాళ్లు జాగ్రత్త. ‘బడి’ మనకు చదువుకునే చోటు, వాళ్లకు వడియం. అందువల్ల వడియాల వ్యాపారానికి అది మంచి పేరేమీ కాదు, ఒడియావాళ్లకు ఉప్పు ప్యాకెట్టు మీద ‘ఉప్పు’ అని రాసినట్టే. ‘కళ’ అని పెట్టి ఇంగ్లీషులో కె-ఎ-ఎల్-ఎ రాస్తే తెలుగువాళ్లు కల అనో కళ అనో కాల అనో చదువుతారు. ఒడియావాళ్లకు మొదట తట్టేది నలుపు. వేయిస్తే మాడిపోతుందేమో అని భయపడే అప్పడానికి నలుపు గుర్తుకు రావడం ఎవరికీ మంచిది కాదు.

మన జాబితాను ఈ జల్లెడలో వేద్దాం. ‘అండ’ నమ్మకానికి ఎంత చక్కని మాట! అండగా ఉండటం, అండ చూసుకోవడం. కానీ ఒడియాలోనూ హిందీలోనూ అది వినగానే కోడిగుడ్డే. పక్కనే శాకాహారపు పచ్చచుక్క, మధ్యలో గుడ్డు పేరు. తీసేయండి. ‘వాకిలి’ ఒడియా నోట ‘బాకిలి’ అవుతుంది, మొదటి రెండక్షరాలు రెండు భాషలవాళ్లకూ బాకీని గుర్తుచేస్తాయి. దుకాణదారుతో లెక్కలు చూసుకునే సరుకుకు ఆ పేరుతో రోజూ వేళాకోళం తప్పదు. ‘గడప’ పలకడానికి బాగుంది. కాని తెలుగువాళ్లలోనే కడప జిల్లాతో కలిపి వినేవాళ్లు ఉంటారు. ‘పెద్దమ్మ’ గట్టి పేరే, కానీ తెలుగు రాని చోట అది వట్టి శబ్దం. పైగా తెలుగువాళ్లలో కొందరికి అమ్మకు అక్క, కొందరికి అమ్మోరు.

‘అరుగు’లో వకారం, యకారం, శషలు, దీర్ఘం ఏవీ లేవు. ఒడియా నోటిలో అకారం కొంచెం గుండ్రమై ‘ఒరుగు’కు దగ్గరగా వస్తుంది. తెలుగులో ఒరుగు అంటే ఎండబెట్టిన కూరగాయ ముక్క. వాళ్లు మార్చి పలికినా మనవాళ్లకు ఎండబెట్టిన తిండే గుర్తొస్తుంది, ఇంత కలిసిరావడం అరుదు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఎవరైనా ‘ఆరుగు’ అని సాగదీసినా ఆరడం, ఆరబెట్టడం వైపే వెళతారు. అరగడం అంటే జీర్ణం కావడం కూడా కదా, తిండికి అది చెడ్డ నీడ కాదు. అరిగిపోవడం అనే అర్థం ఉంది, నిజమే. చెప్పుల కంపెనీకైతే ఈ పేరు పనికిరాదు.

అయిదో అడుగు: మనుషులను అడగడం

ఇప్పుడు మీ చేతిలో మూడు పేర్లుండాలి. మన విషయంలో అరుగు, కుదురు, పసిడి. పది పన్నెండు మందిని అడిగితే చాలు. వాళ్లలో సగంమంది ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లై ఉండాలి, ఒకరిద్దరు చిల్లర దుకాణం నడిపేవాళ్లు కావాలి.

‘పేరు బాగుందా?’ అని అడగకండి. మర్యాదకు బాగుందనే అంటారు. వస్తువు చూపించకుండా పేరు మాత్రం చెప్పి మూడు ప్రశ్నలు వేయండి. దీని ధర ఎంత ఉండవచ్చు? దీన్ని నడిపే మనిషి వయసెంత? చంటిపిల్లలకో ముసలివాళ్లకో పెట్టడానికి వెనకాడతారా? మొదటి జవాబు హుందాను కొలుస్తుంది, రెండోది కుర్రతనాన్ని, మూడోది నమ్మకాన్ని. ‘పసిడి’కి ధర ఎక్కువ చెప్పి, నగలా చీరలా అని ఎదురు ప్రశ్న వేస్తే ఆ పేరు హుందా వైపు జారిందని అర్థం. యాభై దాటిన ఆడమనిషి నడుపుతుంది, పిల్లలకు పెడతాను అంటే ఆ పేరు మీకు కావలసిన చోటే ఉంది.

తరువాత ఫోన్‌లో పరీక్ష. దుకాణదారుకు ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పి, రాసుకుని వాట్సాప్‌లో పంపమనండి. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు. తిరిగి చదివితే మీ పేరే రావాలి. రెండు రోజుల తరువాత అదే మనిషిని ‘ఆ రోజు చెప్పిన పేరేమిటి?’ అని అడగండి. ‘కుదురు’ చెప్పిన చోట ‘కుదిరి’, ‘కుంద్రు’ లాంటివి వస్తుంటే దాన్ని వదిలేయండి. నిలిచేది ఎక్కువమంది నోట తిరిగి అలాగే వచ్చిన పేరు. మీ మనసుకు నచ్చిన పేరుకూ దీనికీ పోటీ వస్తే దీని మాటే వినండి.

ఆరో అడుగు: చట్టం ఒప్పుకుంటుందా

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం సరుకు రకాన్నో, గుణాన్నో, పుట్టిన ఊరినో నేరుగా చెప్పే మాటను ఒకరికి సొంతంగా రాసివ్వరు. ‘కరకర అప్పడాలు’, ‘బరంపురం అప్పడాలు’ రెండింటికీ ఇదే ఆటంకం. ఏళ్ల తరబడి వాడి జనంలో మీ గుర్తుగా స్థిరపడిందని రుజువు చేస్తే వేరే సంగతి, కొత్తవాళ్లకు ఆ దారి లేదు. బరంపురానికి ఇంకో చిక్కూ ఉంది. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలోని బహరంపురాన్ని కూడా ఇంగ్లీషులో దాదాపు అవే అక్షరాలతో రాయడం అలవాటు. మన ఊరు అధికారికంగా బ్రహ్మపుర. ఊరి పేరును చిరునామాలో ఉంచండి, బ్రాండులో వద్దు. బరంపురం పట్టుచీర, గంజాం మొగలిపువ్వు లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న పేర్లను బ్రాండుగా సొంతం చేసుకునే ప్రయత్నం అసలే చేయకండి. వాటికి వేరే చట్టం, వేరే నమోదు ఉన్నాయి.

వర్ణించే మాటకూ, సంబంధమే లేని మాటకూ మధ్య ఒక జాగా ఉంది. సరుకును చెప్పదు, దాని చుట్టుపక్కలకు తీసుకెళుతుంది. ‘అరుగు’ అప్పడం కాదు, అప్పడం ఎండే చోటు. నమ్మకం పలకాలన్నా, చట్టం ఒప్పుకోవాలన్నా ఈ మధ్య జాగాలోని మాటలే మేలు. రెండో అడుగులో విశేషణాలు వద్దని చెప్పింది ఇందుకే.

ipindia.gov.in లో ట్రేడ్‌మార్కుల వెతుకులాట ఉచితం. పేరును మాటగానూ వెతకండి, ధ్వని పోలికతోనూ వెతకండి. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో సరిపెట్టుకోకుండా మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడండి. నమోదు కోసం సరుకులను తరగతులుగా విడదీస్తారు. అప్పడాలు 30వ తరగతిలోకి వస్తాయి, రేపు ఊరగాయలు కూడా పెట్టాలనుకుంటే 29వ తరగతి కూడా చూడాలి. ‘అరుగు’ లాంటి మామూలు మాట ఎవరో ఏదో తరగతిలో తీసుకుని ఉండవచ్చు. అందుకే రెండో పేరు సిద్ధంగా ఉండాలి. ఒడిశావాళ్ల దరఖాస్తు కోల్‌కతా కార్యాలయం పరిధిలోకి వెళుతుంది. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయల రుసుము. పేరును తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో ఇస్తే దాని ఉచ్చారణనూ అర్థాన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో జతచేయాలి.

తిండి సరుకుకు ఇంకొక నియమం ఉంది. ప్యూర్, నేచురల్, ఫ్రెష్, ట్రెడిషనల్, ఒరిజినల్ లాంటి మాటలు బ్రాండు పేరులో ఉండి కొనేవాళ్లను పొరబాటు పట్టించేలా ఉంటే, ‘ఇది బ్రాండు పేరు మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని సూచించదు’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని మూడు మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాల్లో ప్యాకెట్టు మీద వేయాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి నిబంధనల్లో ఇది ఉంది. ‘శుద్ధ’ అని తెలుగులో రాస్తే పట్టించుకోరులే అనుకోవడం తెలివైన పని కాదు. నమ్మకం కోసం పెట్టిన మాట కిందే ‘దీన్ని నమ్మకండి’ అని అచ్చు వేయించుకున్నట్టవుతుంది.

ఏడో అడుగు: పేరు కింది వాక్యం

పేరు చెప్పినదాన్నే వాక్యం మళ్లీ చెబితే ఆ జాగా వృథా. ‘అరుగు: మీ నమ్మకం మా బాధ్యత’ లాంటివి ఎవరి సరుకుకైనా అతుకుతాయి. దేనికైనా అతికేది దేనికీ అంటుకోదు. పేరు నామవాచకం కాబట్టి వాక్యంలో క్రియ ఉండనివ్వండి. మూడు నుంచి అయిదు మాటలు చాలు.

మనం మొదట దాచుకున్న హుందా, కుర్రతనం ఇక్కడ పనికొస్తాయి. పేరు మార్చకుండా కింది వాక్యంతోనే సరుకును అటూ ఇటూ వంచవచ్చు. ‘నాలుగు ఎండలు తిన్న అప్పడం’ అంటే నమ్మకం. వడియాలకు నాలుగు ఎండలు తగలాలి అని ఇళ్లల్లో అనుకునే మాట అందులో ఉంది. ‘పండగకు మాత్రమే ఒత్తేవి’ అంటే హుందా, ఎందుకంటే అది గొప్ప చెప్పుకోదు, కొద్దిగానే దొరుకుతుందని మాత్రం తెలియజేస్తుంది. ‘రాజసం’, ‘ప్రీమియం’ అని అరిచేదానికంటే తక్కువ దొరకడం ఎక్కువ పనిచేస్తుంది. ‘విరిచి చూడు’ అంటే కుర్రతనం.

ఈ చివరిదానిలో క్రియ చివరను గమనించండి. ‘విరిచి చూడు’, ‘విరిచి చూడండి’ మధ్య ఉన్నది రెండక్షరాలే, కాని వాక్యం వయసు ఇరవయ్యేళ్లు మారిపోతుంది. నువ్వు, మీరు తేడా తెలుగులో అంత బలమైన మీట. అరవయ్యేళ్ల ఆవిడ కొనే ప్యాకెట్టు మీద ‘చూడు’ అంటే ఆమెకు గుచ్చుకుంటుంది, కుర్రాళ్ల చిరుతిండి మీద ‘చూడండి’ అంటే బ్యాంకు కౌంటరులా ఉంటుంది. ఎటూ తేల్చుకోలేకపోతే ఎవరినీ సంబోధించని వాక్యం రాయండి. ఒడియాలో తు, తుమె, ఆపణ అని మూడు మెట్లున్నాయి, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి.

ధ్వనికి మన ఛందస్సు ఉచితంగా సాయం చేస్తుంది. మొదటి అక్షరాలు కలిస్తే యతి, రెండో అక్షరాలు కలిస్తే ప్రాస. పద్యం రాయనక్కరలేదు, ఒక్క చోట కలిస్తే చాలు, వాక్యం నాలుక మీద ఉండిపోతుంది. ‘విస్తరిలో విరిగేది’ అనేదానిలో వి-వి కలిశాయి. పప్పన్నంలోకి అప్పడం విరుచుకునే ఆ క్షణం కూడా కళ్లముందుకు వస్తుంది.

నాకు ‘నాలుగు ఎండలు తిన్న’ అనేదే ఎక్కువ ఇష్టం, అయినా దాన్ని పక్కన పెడతాను. వానాకాలంలో అప్పడాలు డ్రయ్యర్‌లో ఆరబెట్టక తప్పదు. అప్పుడు ప్యాకెట్టు మీది వాక్యం అబద్ధమవుతుంది. వాక్యంలో సంఖ్య వేస్తే అది మాట ఇచ్చినట్టు. నాలుగు అన్నాక మూడు ఎండలకే తీసేస్తే పనిచేసే ఆడవాళ్లకే మొదట తెలుస్తుంది, ఊళ్లోకి పాకడానికి ఎంతోసేపు పట్టదు. ‘విస్తరిలో విరిగేది’ పన్నెండు నెలలూ నిజం.

దాన్ని ఒడియాలోకి మాటకు మాట మార్చకండి, వి-వి అక్కడ నిలవదు. ఒడియావాళ్లకు వేరే వాక్యం రాయించండి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లతోనే రాయించండి. ఎండలో ఆరింది అనడానికి వాళ్లు ‘ఖరారే శుఖా’ అంటారు, ఖరా అంటే ఎండ. తెలుగువాళ్లు దాన్ని చదివితే ఏదో ఖరారు అయిందనుకుంటారు. ఎండ మాటే కాబట్టి దీన్ని కూడా డ్రయ్యర్ నెలల్లో వాడకూడదు. రెండు వాక్యాలనూ పక్కపక్కన అచ్చు వేసేటప్పుడు ఇలాంటి తగాదాలు ఏమైనా ఉన్నాయేమో ఇద్దరికీ చూపించి కనుక్కోండి.

చివరగా అచ్చు

దరఖాస్తు పెట్టాక కార్యాలయం పరీక్షించి అభ్యంతరాలుంటే చెబుతుంది. అవి తీరాక పేరు ట్రేడ్‌మార్కు పత్రికలో వస్తుంది. ఆ తరువాత నాలుగు నెలల్లోగా ఎవరైనా ఎదురు చెప్పవచ్చు. కాబట్టి మొదటి విడతలో పేరు అచ్చయిన కవర్లు వేలకొద్దీ వేయించకండి. పేరు లేని తెల్ల కవర్లు కొని, పేరూ వాక్యమూ ఉన్న చిన్న స్టిక్కర్లు అంటించండి. ఆహార లైసెన్సు సంఖ్య, బరువు, తేదీ, చిరునామా మరో స్టిక్కరు మీద విడిగా ఉండాలి. పేరు మార్చాల్సి వస్తే మొదటిది మారుస్తారు, రెండోది అలాగే పనికొస్తుంది. నమోదు పూర్తయ్యేదాకా పేరు పక్కన వాడదగినది టీఎం గుర్తు మాత్రమే. సున్నలో ఉండే ఆర్ గుర్తు నమోదు పత్రం వచ్చాకే వేయాలి, ముందే వేయడం నేరం.